ముట్టుకుంటేనే మోగే ఫోను

మా ఆఫీసులో నన్ను ఎక్స్‌ప్రెస్ అంటారు. మా బావమరిదిని గూడ్స్ బండి అంటారు. అసలు పేర్లు గుర్తింపు కార్డుల మీద ఉన్నాయి. వాటితో ఎవరికీ పని పడలేదు.

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోతే జనం మాకు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లు ఎత్తే ఆవిడను మైకు మేడమ్ అంటాం. యాప్ రాకముందు ఆవిడ కిటికీలోంచి ఒక్క కేక వేస్తే వీధి చివర టీ తాగుతున్న మెకానిక్కు కప్పు వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు కేకలు అక్కర్లేదు. కంప్లయింటు కంప్యూటర్లో కొట్టి మీట నొక్కుతుంది. మా అందరి ఫోన్లూ ఒకేసారి టింగుమనాలి. "నేను వెళ్తున్నాను" అని ముందు ఎవడు నొక్కితే పని వాడిది. నెలాఖరున అందరికంటే త్వరగా నొక్కినవాడి ఫొటో గోడకి అంటిస్తారు. నా ఫొటో ఎంతకాలంగా అక్కడ ఉందంటే, కిటికీ ఎండకి సగం మొహం వెలిసిపోయింది.

బావమరిదిని ఈ ఉద్యోగంలో పెట్టింది నేనే. పెట్టించింది మా ఆవిడ. వాడు అంతకుముందు మోటార్లకు వైండింగ్ చుట్టే షాపులో ఉండేవాడు. అది మూతపడింది. పెళ్లాం కడుపుతో ఉంది. ఇక్కడ పని దొరక్కపోతే మామగారి సిమెంటు కొట్లో కూర్చోవాలి. ఆ మామగారు అప్పటికే ఇంటి పైన ఒక గది ఖాళీ చేయించి, ఇల్లరికం అల్లుడు వస్తున్నాడని వీధంతా చెప్పుకున్నాడు. "ఆ గదిలోకి వెళ్లేకంటే లిఫ్టు గోతిలో పడుకుంటాను బావా" అన్నాడు వాడు. నేను సూపర్‌వైజర్ గారి కాళ్లావేళ్లా పడి వాణ్ని చేర్పించాను. ముందు కొన్నాళ్లు పని చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే లేదు. అదీ ఒప్పందం.

పనిలో వాడికి వంక పెట్టలేం. బ్రేకు విప్పినా, తాడు మార్చినా, ఆ చేయి చూడాలి. తొందరపడడు, విసుక్కోడు, బిగించిన నట్టును మళ్లీ ఒకసారి తడిమి చూస్తాడు. అందుకే పెద్ద పనులన్నీ వాడికే పడేవి. తలుపు సెన్సారు తుడవడం, ఇరుక్కున్న బటన్ ఊడదీయడం లాంటి చిల్లర పనులు నావి. గబగబా నాలుగు చోట్లు తిరిగి వచ్చేవాణ్ని. తిరిగేవాడే పనిమంతుడని మా ఆఫీసులో ఒక నమ్మకం, దాన్ని చెడగొట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు.

వాడితో చిక్కల్లా ఒక్కటే. ఫోను.

టింగుమనగానే నేను నొక్కేస్తాను. వాడికి కంప్లయింటు వచ్చిందని తెలిసేసరికి లిఫ్టు బాగైపోయి, అందులోంచి దిగిన మనుషులు ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని ఉంటారు. మైకు మేడమ్ ఫోన్ చేసి అడిగితే ఎప్పుడూ ఒకటే మాట: "ఇప్పుడే వచ్చింది మేడమ్." ఆ మాట ఆఫీసులో సామెతైపోయింది. ఎవరైనా టీ ఆలస్యంగా తెస్తే, "ఇప్పుడే వచ్చింది మేడమ్" అని అందరూ ఒకేసారి అనేవాళ్లు. వాడు నవ్వేవాడు. లోపల ఏమనుకునేవాడో నేనడగలేదు.

ఫోను మంచిది కాదందామా అంటే, నాదీ వాడిదీ ఒకటే రకం. ఒకే రోజు, ఒకే షాపులో, మా ఆవిడ దగ్గరుండి కొనిపించింది. "ఒకటే రకం తీసుకోండి, రేపు నీది గొప్పా నాది గొప్పా అని నా ప్రాణం తీయొద్దు" అంది. నా దానికి ఎర్ర కవరు, వాడిదానికి నీలం కవరు. అంతే తేడా. సిగ్నలు లేదందామా అంటే, పనిలో ఉండగా మా ఆవిడ వాడికి ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తుతాడు. "మాట్లాడ్డానికి మోగే ఫోను పనికి మోగదా?" అని సూపర్‌వైజర్ గారు అడిగేవాడు.

ఇలా నెట్టుకొస్తుండగా క్లినిక్కు సంగతి జరిగింది.

అదొక కళ్ల క్లినిక్కు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది. లోపల ఒక పెద్దాయన, అప్పుడే కంటికి కట్టు కట్టించుకుని దిగుతున్నాడు. మేడమ్ మీట నొక్కింది. నేను ఊరికి అటు చివర ఉన్నాను. నా ఫోన్లో టింగుమంది, నొక్కాను, ట్రాఫిక్కులో పడి తిట్టుకుంటూ వెళ్లాను. పైన మెషిన్ గదిలోకి వెళ్లి కరెంటు ఆపి, బ్రేకు వదులు చేసి, చక్రం తిప్పి, లిఫ్టును కింది అంతస్తుకి దించి తలుపు తీశాను. పెద్దాయన నేల మీద చతికిలబడి ఉన్నాడు. కట్టు తడిసి ఉంది. చెమటో కన్నీళ్లో నాకు తెలియదు. "ఎవరూ రారేమో అనుకున్నాను నాయనా" అన్నాడు.

నేను కిందికి దిగి టవలుతో మొహం తుడుచుకుంటూ తలెత్తి చూశాను. పక్క బిల్డింగు మేడ మీద, మెషిన్ గది గుమ్మంలో, మా బావమరిది నిలబడి తాడుకి గ్రీజు రాస్తున్నాడు. పొద్దున్నుంచీ వాడక్కడే ఉన్నాడు. పిట్టగోడ దూకితే క్లినిక్కు.

"ఒరేయ్!" అని అరిచాను. వాడు చేతులు తుడుచుకుని, పనిముట్ల పెట్టె మీది ఫోను తీసి యాప్ తెరిచాడు. నేను చూస్తుండగానే అది టింగుమంది.

"ఇప్పుడే వచ్చింది బావా" అన్నాడు.

అప్పుడు నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. వీధిలో నిలబడి, పైకి చూస్తూ, నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు ఫోను వైపు చూశాడు, నా వైపు చూశాడు.

మర్నాడు సూపర్‌వైజర్ గారు ఒంటికాలి మీద లేచాడు. "కళ్లు కనపడని మనిషి లిఫ్టులో ఏడుస్తుంటే, గోడ అవతల నువ్వు గ్రీజు రాసుకుంటున్నావా?"

"నాకు రాలేదు సార్."

"రాలేదా? ఏదీ, పట్రా నీ ఫోను."

నీలం కవరు ఫోను తీసుకుని, యాప్ తెరిచి అటూ ఇటూ తిప్పి చూశాడు. చార్జి తక్కువగా ఉందని తన టేబుల్ మీది చార్జరుకి తగిలించాడు. "మేడమ్, ఒకటి పంపండి" అన్నాడు. ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు, టింగ్. ఇంకోటి పంపమన్నాడు. టింగ్. చేతిలోకి తీసుకుని మూడోది పంపించాడు. అదీ టింగే. పంపినప్పుడల్లా ఆ వెధవ ఫోను చదువుకున్న పిల్లాడిలా టక్కున జవాబు చెప్పింది.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు సూపర్‌వైజర్ గారు.

వాడు ఫోను అందుకుని కవరు మీది గ్రీజు మరక తుడిచాడు.

నాకే ఒక ఆలోచన వచ్చింది. అప్పట్లో అది గొప్ప ఆలోచన అనుకున్నాను. "ఒక రోజు మేమిద్దరం ఫోన్లు మార్చుకుంటాం సార్. నీలం ఫోను నా దగ్గర కూడా ఆలస్యం చేస్తే తప్పు ఫోనుది. చేయకపోతే..." అని ఆగాను. చేయకపోతే ఏమిటో ఆయనే చెప్పాడు. "చేయకపోతే ఈ వారంతో సరి. పెట్టె అప్పగించి వెళ్లొచ్చు."

ఫోన్లు మార్చుకున్నాం. ఆ రోజు పొద్దున్నే, ఇంకా పని మొదలుకాకముందే, మా ఆవిడ ఎర్ర ఫోనుకి చేసి, ఎత్తింది తమ్ముడని తెలియక, నేను గ్యాసు బుక్ చేయలేదని వాణ్ని చడామడా తిట్టిందట. వాడు మధ్యలో ఆపకుండా మొత్తం విని, "సరే అక్కా, బావతో చెప్తాను" అన్నాడట. అదొక్కటే ఆ రోజు నవ్వుకోదగ్గ విషయం.

మిగతాది చెప్పడం నాకిష్టం లేదు. నీలం ఫోను నా చేతిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బంగారంలా మోగింది. వచ్చిన ప్రతి కంప్లయింటూ వచ్చినట్టే తెలిసింది. నా ఎర్ర ఫోను, ఎన్నడూ నన్ను మోసం చేయని ఫోను, వాడి దగ్గర రోజంతా నోరు మూసుకుని కూర్చుంది. సాయంత్రం పని ముగించి తీస్తే, అన్నీ ఒక్కసారి కుప్పగా పడ్డాయట.

ఇంతకంటే న్యాయమైన పరీక్ష ఏముంటుంది? ఫోను మారింది, తప్పు మారలేదు. తప్పు మనిషిలోనే ఉంది.

"చూసి, నొక్కకుండా ఊరుకుంటున్నాడు. బద్ధకం" అని తేల్చేశాడు సూపర్‌వైజర్ గారు. నాకూ అదే అనిపించింది. నేను మధ్యవర్తిగా ఉండి తెచ్చిన మనిషి, నా పరువు తీశాడనిపించింది.

ఆ సాయంత్రం మా వంటింట్లో పంచాయతీ. మా ఆవిడ చేతిలో గరిటె, ఎదురుగా నేనూ వాడూ.

"నిజం చెప్పరా. చూసి కూడా ఊరుకున్నావా?" అంది.

"లేదక్కా."

"మరి మీ బావ చేతిలో మోగింది నీ చేతిలో ఎందుకు మోగదు? నీ చేతికేమైనా రోగమా?"

వాడు అరచేతులు తెరిచి చూసుకున్నాడు. గ్రీజు గీతల్లో ఇంకిపోయి ఉంది. "అదేనేమోనే అక్కా. నా చేతిలోనే ఏదో ఉంది" అన్నాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అన్నాడు. మా ఆవిడ గరిటె కింద పెట్టేసింది. నాకు అన్నం సహించలేదు. కోపం వల్ల అనుకున్నాను.

మిగిలిన వారమంతా వాణ్ని బయటి పనికి పంపలేదు. ఆఫీసులో వెనక గదిలో పాత సామాను సర్దే పని ఇచ్చారు. దాంతో పెద్ద పనులు నా మెడకి చుట్టుకున్నాయి.

వారం చివరి రోజు ఒక ఎత్తైన అపార్ట్‌మెంటులో బ్రేకు పని పడింది. లిఫ్టును పై అంతస్తుకి ఎక్కించి, దాని ఎదురు బరువు అడుగున ఆనేలా చేసి, మెయిన్ ఆపి తాళం వేసి, అన్ని అంతస్తుల్లో బోర్డులు తగిలించి, మెషిన్ గదిలో కూర్చున్నాను. బ్రేకు విప్పడమంటే రెండు చేతులూ కావాలి. కళ్లు కూడా అక్కడే ఉండాలి. ఒక స్ప్రింగు ఎగిరిపడిందంటే దాన్ని వెతుక్కోవడంతోనే తెల్లారుతుంది. ఎర్ర ఫోను తీసి, గ్రీజు అంటకుండా, ప్యానెల్ పెట్టె మీద బోర్లా పెట్టాను. అలా ఫోను కింద పెట్టి పనిచేయడం నాకు కొత్త. మామూలుగా అది చేతిలోనే ఉంటుంది. మెట్లెక్కుతూ చూస్తాను, సెన్సారు తుడుస్తూ చూస్తాను, ఏ పనీ లేకపోతే యాప్ తెరిచి నా పాయింట్లు చూసుకుంటాను.

పని కష్టమే గానీ, ప్రశాంతంగా ఉంది. ఒక్క టింగూ లేదు. ఇవాళ ఊళ్లో లిఫ్టులన్నీ బుద్ధిగా ఉన్నట్టున్నాయి అనుకున్నాను. పొద్దెక్కింది. బ్రేకు షూలు రెండూ ఊడదీసి గుడ్డ మీద పెట్టానో లేదో, ఫోను రింగైంది. మేడమ్.

"ఏమైంది ఎక్స్‌ప్రెస్? పొద్దున్నుంచీ పంపుతూనే ఉన్నాను. అన్నీ వేరేవాళ్లే తీసుకున్నారు. ఒంట్లో బాగాలేదా?"

"ఏం పంపారు? ఏమీ రాలేదే" అంటుండగా చెవిలో మొదలైంది. టింగ్. టింగ్. టింగ్. ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను, చెవి చిల్లులు పడేలా ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి.

"ఇప్పుడే వచ్చాయి మేడమ్" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. "నువ్వూ మొదలెట్టావా?"

నేను నవ్వలేదు. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. ఫోను నాదే. చేయి నాదే. నా చేతికి ఏ రోగమూ లేదు. మరి ఇవాళ ఏం తేడా? అది బోర్లా పడి ఉన్న చోటు చూశాను. ప్యానెల్ మీద దుమ్ములో ఫోను ఆకారం చక్కగా అచ్చు పడి ఉంది. పెట్టిన దగ్గర్నుంచి అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. బావమరిది కూడా పెట్టె మీద గుడ్డ పరిచి, ఫోను బోర్లా పెట్టేవాడు. "నూనె చేతులతో ముట్టుకోకూడదు బావా" అనేవాడు. పని పూర్తయ్యేదాకా దాని వంక చూసేవాడు కాదు.

సూపర్‌వైజర్ పరీక్షలో ఫోను చార్జరుకుంది, చేతిలో ఉంది. మార్చుకున్న రోజు నీలం ఫోను నా చేతిలో తిరుగుతూనే ఉంది. ఒక్కరమైనా దాన్ని ముట్టుకోకుండా ఊరుకుని చూశామా?

బ్రేకు విప్పిన గదికి తాళం వేసి, వాచ్‌మన్‌కి లిఫ్టు జోలికి ఎవరినీ పోనివ్వొద్దని గట్టిగా చెప్పి, ఆఫీసుకి బండి తోలాను.

వెళ్లేసరికి బావమరిది పనిముట్ల పెట్టె తెరిచి సూపర్‌వైజర్ టేబుల్ ముందు కూర్చుని ఉన్నాడు. స్పానర్లన్నీ తుడిచి వరసగా పేర్చాడు. మామగారు సాయంత్రం వ్యాను పంపిస్తున్నాడట, సామాను ఎక్కించుకోవడానికి.

"ఆగండి సార్. ఆ పెట్టె తీసుకోవద్దు" అన్నాను.

"ఏంటయ్యా, బ్రేకు అయిందా?"

"బ్రేకు సంగతి తర్వాత. ఫోను సంగతి చూడాలి."

"వదిలెయ్ బావా. ఎన్ని పరీక్షలని?" అన్నాడు బావమరిది. వాడి గొంతులో ఉసూరుమనడం తప్ప ఏమీ లేదు. నేను మొహం కోపంగానే పెట్టాను.

"నువ్వు నోరు మూసుకుని కూర్చో" అన్నాను.

ఎర్ర ఫోను, నీలం ఫోను, సూపర్‌వైజర్ గారి సొంత ఫోను, మూడూ బీరువా మీద పక్కపక్కన పెట్టాను. చార్జర్లు లేవు. స్క్రీన్లు ఆర్పేశాను. "భోజనాలయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మేడమ్, అన్నాలు తినడం అయ్యాక మాకు చెప్పకుండా ఒకటి పంపండి" అన్నాను.

భోజనాలకి కూర్చున్నాం. సూపర్‌వైజర్ గారి అవస్థ చూడాలి. ముద్ద ముద్దకీ బీరువా వైపు చేయి పోతుంది. మేడమ్ స్కేలుతో టేబుల్ మీద కొట్టి, "ముట్టుకోవద్దన్నారు" అంటుంది. ఆయన చేయి వెనక్కి తీసుకుంటాడు. బావమరిది డబ్బా మూత కూడా తీయలేదు.

చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక, బీరువా మీద ఒక టింగ్.

"మనదే!" అన్నాడు సూపర్‌వైజర్ గారు ఛాతీ విరిచి. ఆయనదే. అది వేరే కంపెనీ పాత ఫోను. మిగతా రెండూ రాళ్లలా పడి ఉన్నాయి. మేడమ్ కంప్యూటర్ తిప్పి చూపించింది. ముగ్గురికీ పంపినట్టుంది. చూస్తూ కూర్చున్నాం. రావడం లేదు. ఇక ఆగలేక ఎర్ర ఫోను ఎత్తి స్క్రీన్ వెలిగించాను. టింగ్. బావమరిది లేచి వచ్చి నీలం ఫోను ఒక వేలితో మెల్లగా తట్టాడు. వెలిగింది. వెంటనే రాలేదు. వాడు యాప్ తెరిచాడు. అప్పుడొచ్చింది.

సూపర్‌వైజర్ గారు పళ్లు కుట్టుకోవడం ఆపేశాడు. "ఆ యాప్ చేసినవాడికి ఫోన్ కలపండి మేడమ్" అన్నాడు.

యాప్ చేసిన అబ్బాయి స్పీకర్లో వచ్చాడు. విషయం వినగానే, "బ్యాటరీ సేవర్ సార్" అన్నాడు, జలుబు అన్నంత తేలిగ్గా.

"తెలుగులో చెప్పు."

"ఫోను కదలకుండా, స్క్రీన్ ఆరిపోయి, చార్జరు లేకుండా పడుందనుకోండి. కాసేపటికి నిద్రపోతుంది. చార్జి మిగల్చడానికి అలా చేస్తారు. నిద్రలో యాప్‌లకి నెట్ ఇవ్వదు. మధ్యలో ఒక్కోసారి కళ్లు తెరిచి, అప్పటిదాకా ఆగినవన్నీ ఒకేసారి ఇచ్చి మళ్లీ పడుకుంటుంది. ఎక్కువసేపు కదలకపోతే ఆ కళ్లు తెరవడం కూడా తగ్గిపోతుంది. మీరు ఎత్తినా, వెలిగించినా, చార్జరు పెట్టినా లేస్తుంది. అందుకే ముట్టుకోగానే వస్తాయి."

"మరి కాల్ వస్తుందిగా?"

"కాల్ దారి వేరు సార్. దాన్ని ఆపదు."

"రెండూ ఒకటే ఫోన్లు కదా, నీలందాన్ని లేపినా రాలేదేం?" అని నేనడిగాను.

"దాంట్లో బ్యాటరీ సేవర్ ఎప్పుడూ ఆన్‌లో ఉందా? యాప్‌లు మూసి, పక్కకి తోసి ఊడ్చేస్తుంటారా?"

బావమరిది తలూపాడు. స్పీకరుకి తలూపితే కనపడదని గుర్తొచ్చి, "అవునండీ. లిఫ్టు గోతిలో టార్చి కావాలి కదా, చార్జి ఉండాలని" అన్నాడు. వాడు వైండింగ్ షాపు మనిషి. ఊరికే కరెంటు పోతుంటే వాడి ప్రాణం ఒప్పుకోదు. పని కాగానే తెరిచినవన్నీ వేలితో ఊడ్చేయడం నేనూ చూశాను.

"కొన్ని కంపెనీల ఫోన్లలో అలా ఊడ్చేస్తే యాప్ పూర్తిగా ఆగిపోతుందండీ. మళ్లీ మీరు తెరిచేదాకా లేవదు. ఇంకోటేంటంటే, ఏ యాప్ ఎక్కువ వాడుతున్నారో ఫోను కనిపెడుతుంటుంది. మాటిమాటికీ తెరిచేదాన్ని ముందు బెంచీలో కూర్చోబెడుతుంది. తెరవనిదాన్ని వెనక్కి తోస్తుంది. వెనక బెంచీ యాప్‌లకి నిద్ర ఎక్కువ."

"తప్పంతా ఫోనుదేనా, మీదేమీ లేదా?" అంది మేడమ్.

ఆ అబ్బాయి కొంచెం నసిగాడు. "మాదీ ఉంది మేడమ్. అర్జెంటని గుర్తుపెట్టి పంపితే నిద్రలో ఉన్న ఫోనైనా లేస్తుంది. మేం మామూలు మెసేజ్‌లా పంపుతున్నాం. ఇవాళే మారుస్తాను. కానీ మీరు కూడా ప్రతి ఫోన్లో బ్యాటరీ సెట్టింగుకెళ్లి, మన యాప్‌కి ఆంక్షలు తీసేయాలి. దానంతటది మొదలయ్యే పర్మిషన్ ఇవ్వాలి. సేవర్ ఆపేయాలి. ఊడ్చకూడదు. చార్జి కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, అంతే."

సూపర్‌వైజర్ గారు కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే అబ్బాయ్, ఫోను పక్కన పెట్టి ఒళ్లొంచి పనిచేసేవాడికి రాదు. ఫోను గోకుతూ కూర్చునేవాడికి టంచనుగా వస్తుంది. అంతేనా?"

"అలా అని కాదు సార్..." అన్నాడు ఆ అబ్బాయి. మళ్లీ తనే, "ఇంచుమించు అంతే" అన్నాడు.

మేడమ్ గోడ వైపు చూసింది. సూపర్‌వైజర్ గారూ చూశాడు. సగం వెలిసిన మొహంతో నా ఫొటో మమ్మల్ని చూసి నవ్వుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది. చిర్రెత్తుకొచ్చింది కూడా, ఎవరి మీదో తెలియలేదు.

బావమరిది మాత్రం ఫొటో వైపు చూడలేదు. అరచేతులు చూసుకుంటున్నాడు. "అయితే నా చేతుల్లో ఏమీ లేదన్నమాట" అన్నాడు.

"గ్రీజుందిరా వెధవా" అన్నాను.

సూపర్‌వైజర్ గారు పెట్టె మూత వేసి, కాలితో వాడి వైపు తోశాడు. క్షమించమనడం ఆయనకి అలవాటు లేదు. "ఆ బ్రేకు సగంలో వదిలేసి వచ్చాడు మీ బావ. వెళ్లి బిగించు. వ్యాను గీను వద్దని మీ మామగారికి చెప్పుకో" అన్నాడు. మేడమ్ ఇద్దరి ఫోన్లూ లాక్కుని, ఆ అబ్బాయి చెప్పినట్టు సెట్టింగులన్నీ మార్చి ఇచ్చింది.

వాడు అపార్ట్‌మెంటుకి వెళ్లాడు. నేను మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. "నేను మొదటే అన్నానా, మా తమ్ముడు అలాంటివాడు కాదని?" అంది. అనలేదు. ఆ మాట నేనూ అనలేదు.

సాయంకాలం నా చిల్లర పనులు ముగించుకుని వాడి దగ్గరికి వెళ్లాను. మెషిన్ గదిలో బ్రేకు ముందు గొంతుకూర్చుని, చివరి నట్టు బిగించి, మళ్లీ ఒకసారి తడిమి చూస్తున్నాడు. నీలం ఫోను పెట్టె మూత మీద, మడతపెట్టిన గుడ్డ మీద, బోర్లా ఉంది. ఎప్పుడు పెట్టాడో గానీ, దాని మీద సన్నగా దుమ్ము పడి ఉంది. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను.

ఉన్నట్టుండి పెట్టె మీద టింగుమంది. నా జేబులోనూ అదే క్షణాన టింగుమంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

వాడు ఉలిక్కిపడి ఫోను వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నా వేలు అప్పటికే జేబులో ఫోను మీదికి వెళ్లింది. పాడు అలవాటు. ఆ చేయి బయటికి లాగి, టార్చిని రెండు చేతులతో పట్టుకున్నాను.

వాడు గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలూ తుడిచాడు. బొటనవేలి గోరు చుట్టూ కూడా తుడిచాడు. నా ప్రాణం పోతోంది, ఈలోగా ఇంకెవడైనా నొక్కేస్తాడేమోనని. "త్వరగా కానీరా" అని అరవబోయి నాలుక కరుచుకున్నాను. అప్పుడు ఫోను తీసి, "నేను వెళ్తున్నాను" నొక్కాడు. పని వాడికే వచ్చింది. కళ్ల క్లినిక్కు లిఫ్టు, తలుపు మూసుకోవడం లేదట.

వాడు ఫోను జేబులో పెట్టుకోబోతూ ఆగి, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "బావా, చార్జి చూడు, అప్పుడే సగానికి పడిపోయింది."

"పోతే పోనీరా" అన్నాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్తే గోడ మీద నా ఫొటో లేదు. అంటించిన చోట గోడ తెల్లగా ఉంది. ఎవరు తీశారని నేనడగలేదు.